ఏ అప్పు ముందు తీర్చాలి?

గుంటూరులో చిన్న టైలరింగ్ షాపు మీద బతికే ఓ ఇల్లు ఉందనుకుందాం. వాళ్లకు నాలుగు చోట్ల అప్పుంది. మేనమామ దగ్గర తెచ్చిన 15,000కు రూపాయి వడ్డీ. గొలుసు తాకట్టు పెట్టి బ్యాంకులో తీసుకున్న 30,000కూ నూటికి నెలకు రూపాయే. కుట్టుమిషన్ల కోసం ప్రోనోటు రాసి తెచ్చిన 40,000కు రెండు రూపాయలు. ఇవి చాలవన్నట్టు క్రెడిట్ కార్డు మీద 60,000 పేరుకుంది, దానికి నెలకు మూడున్నర శాతం. మొత్తం 1,45,000. ఇంటిఖర్చులు పోను అప్పుల కోసం నెలకు 12,000 తీయగలరు.

ఈ 12,000 ముందు ఎవరికివ్వాలి? మామయ్యది తీర్చేస్తే పెళ్లిళ్లలో తలెత్తుకు తిరగొచ్చని భార్య. కార్డు వాళ్ల ఫోన్లు ఆగితే చాలని భర్త. తెలియకుండానే వీళ్లిద్దరూ రెండు పేరున్న పద్ధతుల తరఫున మాట్లాడుతున్నారు. అన్నిటికన్నా చిన్న బాకీతో మొదలుపెట్టి పెద్దదాని వైపు వెళ్లడం స్నోబాల్. అమెరికాలో డేవ్ రామ్సే తన రేడియో కార్యక్రమంలోనూ పుస్తకాల్లోనూ దీన్ని బాగా ప్రచారం చేశాడు. బాకీ ఎంతన్నది చూడకుండా వడ్డీ ఎక్కువున్నదాన్ని ముందు పట్టుకోవడం అవలాంచ్.

రెండిటికీ నియమం ఒకటే. వంతు రాని అప్పులకు తప్పనిసరిగా కట్టాల్సింది కడుతూ, మిగిలిందంతా వంతు వచ్చిన ఒక్క అప్పు మీద పెట్టాలి. ఒకటి తీరగానే దానికి వెళ్తున్న డబ్బు ఇంటిఖర్చులో కలవకూడదు, తర్వాతి అప్పుకు వెళ్లాలి. అంటే చివరిదాకా నెలకు 12,000 తగ్గకూడదు. మన లెక్కలో మామయ్యకు, బ్యాంకుకు, ప్రోనోటుకు వంతు వచ్చేదాకా వడ్డీ మాత్రమే కడతారు. కార్డుకు కనీసం 3,000 కడతారు.

ముందు భార్య మాట ప్రకారం, అంటే స్నోబాల్‌లో నడుద్దాం. మొదటి నెల బ్యాంకుకు 300, ప్రోనోటుకు 800, కార్డుకు 3,000 పోగా మామయ్యకు 7,900 వెళ్తుంది. రెండో నెలలోనే ఆయన బాకీ తీరిపోతుంది. ఆరో నెలలో గొలుసు ఇంటికొస్తుంది. పదకొండో నెలలో ప్రోనోటు చిరుగుతుంది. చూడటానికి అంతా బాగానే ఉంది. కానీ ఈలోగా కార్డు సంగతేమైంది? పది నెలల్లో దానికి 30,000 కట్టారు. బాకీ మాత్రం 60,000 నుంచి 49,442కే దిగింది. కట్టినదాంట్లో 19,442 వడ్డీకే పోయింది. చివరికి పదిహేనో నెలలో అప్పులన్నీ తీరతాయి. మొత్తం వడ్డీ 33,239 రూపాయలు.

ఇప్పుడు భర్త మాట. మామయ్యకు 150, బ్యాంకుకు 300, ప్రోనోటుకు 800 వడ్డీలు కట్టి, మిగిలిన 10,750 కార్డుకే ఇస్తారు. మొదటి నెలలోనే కార్డు బాకీ 51,350కి దిగుతుంది. అయినా ఆరు నెలలపాటు ఒక్క అప్పూ పూర్తిగా తీరదు. మామయ్య ఎదురుపడినప్పుడల్లా అదే ఇబ్బంది. ఏడో నెలలో కార్డు, పదో నెలలో ప్రోనోటు, పన్నెండులో మామయ్య బాకీ, పద్నాలుగులో బంగారం తీరతాయి. మొత్తం వడ్డీ 20,439. తేడా 12,800 రూపాయలు. ఒక నెల కిస్తీకన్నా ఎక్కువే.

కార్డు వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ ఉంటుంది, లెక్క సులువుగా ఉండాలని దాన్ని వదిలేశాను. కలిపితే తేడా ఇంకా పెరుగుతుంది. పైగా పాత బాకీ ఉన్న కార్డుతో కొత్తగా ఏం కొన్నా, సాధారణంగా కొన్న రోజు నుంచే వడ్డీ పడుతుంది. అది తీరేదాకా దాన్ని బీరువాలో పెట్టడం ఈ రెండు పద్ధతులకూ అవసరమే.

ఇక్కడ ఓ మాట ఒప్పుకోవాలి. ఈ నాలుగు అప్పుల్లో పెద్ద బాకీకే పెద్ద వడ్డీ ఉంది కాబట్టి స్నోబాల్ ఇంతగా ఓడిపోయింది. మూడున్నర శాతం వడ్డీ మామయ్య 15,000కే ఉంటే రెండు పద్ధతులూ అక్కడే మొదలయ్యేవి. వడ్డీలన్నీ రూపాయికి అటూ ఇటూగా ఉన్నా తేడా పెద్దగా ఉండదు. అందుకే ముందు చూడాల్సింది వడ్డీ రేట్ల మధ్య ఎంత దూరం ఉందన్నది.

అలాగని భార్య మాట తీసిపారేయదగిందీ కాదు. డేవిడ్ గాల్, బ్లేక్లీ మెక్‌షేన్ అనే పరిశోధకులు అమెరికాలో అప్పులు తీర్చే కార్యక్రమంలో చేరినవాళ్ల వివరాలు పరిశీలించి 2012లో ఓ పత్రం రాశారు. ఎంత మొత్తం తీర్చారన్నదానికన్నా, ఎన్ని ఖాతాలు పూర్తిగా మూసేశారన్నదే వాళ్లు చివరిదాకా నిలబడతారో లేదో బాగా సూచించిందని తేల్చారు. మధ్యలో ఆపేసే అవలాంచ్ కన్నా చివరిదాకా సాగే స్నోబాల్ నయం. కాకపోతే ఆ ఉత్సాహానికి ధర ఎంతో తెలుసుకోవాలి.

మన ఉదాహరణలో ఆ ధర కట్టి చూద్దాం. ముందు మామయ్యది ఒక్కటీ తీర్చేసి, ఆ తర్వాత వడ్డీ ఎక్కువున్న వరసలో కార్డు, ప్రోనోటు, బంగారం తీరుస్తారు. రెండో నెలలో ఒక బాకీ పోతుంది. మొత్తం వడ్డీ 23,801 అవుతుంది. పూర్తి అవలాంచ్ కన్నా 3,362 ఎక్కువ. బంధువుల ముందు మాట నిలుపుకోవడానికి ఆ మాత్రం పెట్టొచ్చనే నా ఉద్దేశం. 12,800 పెట్టమంటే మాత్రం నేను ఒప్పుకోను.

కాగితం మీది వరస బయట కొన్నిచోట్ల మారుతుంది. చాలా బంగారం లోన్లకు గడువు ఏడాదే. అవలాంచ్‌లో మన గొలుసు పద్నాలుగో నెలకు గానీ రాదు కాబట్టి, పన్నెండో నెలలో వడ్డీ కట్టి లోను తిరగరాయించుకోవాలి. మరిచిపోతే వేలం నోటీసు వస్తుంది. ప్రోనోటు మీద అసలు కొంచెం కొంచెంగా తీసుకుంటారో లేదో ముందే అడగాలి. ఇచ్చిన ప్రతిసారీ నోటు వెనక చెల్లు రాయించుకోవాలి.

వడ్డీ రేటు పైకి కనిపించేదే కాకపోవచ్చు. ఏడాది కిస్తీల లోనుకు 12 శాతం ఫ్లాట్ వడ్డీ అంటే, తగ్గుతున్న బాకీ మీద లెక్కేస్తే అది 21 శాతం దాటుతుంది. డైలీ ఫైనాన్స్ ఇంకో రకం. 10,000 అని రాసుకుని చేతికి 9,000 ఇచ్చి, రోజుకు వంద చొప్పున వంద రోజులు వసూలు చేస్తారు. లెక్కేస్తే నెలకు ఆరు రూపాయల వడ్డీ పైమాటే. అయితే ఆ వడ్డీ ముందే కోసేసుకున్నారు. తొందరగా కట్టినా సాధారణంగా పైసా తగ్గించరు. వడ్డీ ఎక్కువని దాన్ని ముందు తీర్చడంలో లాభమేమీ లేదు. రోజువారీ వంద కడుతూ, మిగిలిన డబ్బు కార్డుకే పంపాలి.