గంట లెక్చర్‌ని అరచేతి కార్డులో పెట్టేద్దాం!

కంభం, గిద్దలూరు, మార్కాపురం నుంచి వెళ్లి ఎంబీబీఎస్, నర్సింగ్ చదువుతున్నవాళ్లకి 'ఓస్కీ' అంటే చెప్పక్కర్లేదు. బెల్ కొట్టగానే ఒక స్టేషన్, మళ్లీ కొడితే ఇంకోటి. 1975లో స్కాట్లాండ్‌లోని డండీలో రోనాల్డ్ హార్డెన్ బృందం పరిచయం చేసిన పద్ధతి ఇది. ఇందులో ఎగ్జామినర్ చేతిలో ఉండేది చెక్‌లిస్ట్. మీకెంత తెలుసన్నది కాదు, ఆయన కళ్లెదుట ఏం చేశారన్నదే మార్కు. అందుకే లెక్చర్ నోట్సుని కూడా అలాగే మార్చుకోవాలి.

బీపీ క్లాసునే తీసుకుందాం. "పేషెంట్‌ని సరిగ్గా సిద్ధం చేయాలి" అని నోట్సులో ఉంటుంది. 'సరిగ్గా' అన్నదానికి మార్కెలా వేస్తారు? దాన్ని కంటికి కనిపించే, చెవికి వినిపించే పనులుగా విడగొట్టాలి. అప్పుడు ఐదు నిమిషాల స్టేషన్‌కి పది మార్కుల కార్డు ఇలా వస్తుంది:

- అనుమతి అడిగారు: 1
- అరగంటలో టీ, సిగరెట్ తాగారా అని అడిగారు: 1
- వీపుకి ఆనుడు ఇచ్చి, పాదాలు నేలకి ఆనించారు: 1
- చేతిని గుండె ఎత్తులో ఉంచారు: 1
- కఫ్ అంచు మోచేతి మడతకి 2-3 సెం.మీ. పైన ఉంది: 1
- నాడి పట్టుకుని, అది ఆగిన అంకె చెప్పారు: 2
- దానికి 30 పైకి గాలి కొట్టారు: 1
- సెకనుకి 2-3 చొప్పున గాలి వదిలారు: 1
- రీడింగ్ సరిగ్గా చెప్పారు: 1

ఈ మార్కులు ప్రాక్టీసు కోసం మనం వేసుకున్నవే. కాలేజీని బట్టి మారొచ్చు. నాడికి రెండు ఎందుకంటే, దాన్ని వదిలేస్తే పేషెంటుకే నష్టం. కొందరిలో శబ్దం మధ్యలో మాయమై మళ్లీ వస్తుంది. అసలు బీపీ 190 ఉండి, 170-150 మధ్య శబ్దం లేదనుకోండి. నాడి చూడకుండా 160 దాకానే గాలి కొడితే మనకి 150 అనే వినిపిస్తుంది. కంభం ఆస్పత్రి ఓపీలో రేపు ఆ పెద్దమ్మకి తక్కువ బీపీ రాసి పంపేస్తాం.

ఐదు నిమిషాల విశ్రాంతి సంగతో? స్టేషన్ టైమే అంత కాబట్టి చేసి చూపలేం. "విశ్రాంతి ఇచ్చాక చూస్తాను" అని పైకి చెప్పాలి. కార్డులో దాని పక్కన 'చెప్పాలి' అని రాసుకోండి.

ఇక పెద్ద పొరపాటు, ఒకే లైన్లో రెండు పనులు ఇరికించడం. ఒకటి చేసి ఒకటి మరిస్తే మార్కెంత? కార్డు బాగుందో లేదో తేల్చాలంటే ఒకరు బీపీ చూస్తుంటే ఇద్దరు స్నేహితులు విడివిడిగా మార్కులు వేయండి. ఎక్కడ తేడా వచ్చిందో ఆ లైను తిరగరాయాల్సిందే. "పెద్దమ్మా, ఇప్పుడే టీ ఏమన్నా తాగొచ్చినావా?" అని మన యాసలో అడిగినా ఇద్దరూ ఒకటే వేశారా? అయితే ఆ లైను పక్కా!