‘అడ్వైసెస్’ ఎక్కడి నుంచి వస్తోంది?

మనం రాసే ఇంగ్లీషు అర్జీల్లో, అసైన్‌మెంట్లలో మూడు మాటలు తరచుగా కనిపిస్తాయి: అడ్వైసెస్, ఇన్ఫర్మేషన్స్, ఫర్నిచర్స్. మూడూ తప్పే. ఇంగ్లీషులో అడ్వైస్, ఇన్ఫర్మేషన్, ఫర్నిచర్ అనే మాటలకు చివర ‘ఎస్’ చేరదు. దిద్దేవాళ్ళు ఎర్ర పెన్నుతో ఆ ‘ఎస్’ చుట్టూ సున్నా చుట్టి వదిలేస్తారు. ఎందుకు తప్పో తెలియదు కాబట్టి ఈసారి అడ్వైసెస్ పోయి వచ్చేసారి ఎక్విప్‌మెంట్స్ వస్తుంది, ఆ తర్వాత లగేజెస్ వస్తుంది.

తెలుగు డిపార్ట్‌మెంటు గోడ మీద ఇంగ్లీషు సంగతి ఏమిటికి అని అడగొచ్చు. ఈ తప్పు పుట్టేది మన మాటల్లోనే. దాన్ని అర్థం చేసుకునే దారి కూడా మన వ్యాకరణంలోనే ఉంది.

తెలుగు వ్యాకరణంలో నిత్యబహువచనం, నిత్యైకవచనం అని రెండు పేర్లు చదువుకున్నాము. పాలు, నీళ్ళు ఎప్పుడూ బహువచనమే. గిన్నెలో ఉన్నది ఒక్క చెంచాడైనా “పాలు ఉండాయి” అంటాము గాని “పాలు ఉంది” అనము. బంగారం, నెయ్యి ఎప్పుడూ ఏకవచనమే. బీరువా నిండా ఉన్నా అది బంగారమే, బంగారాలు కాదు. ఇంగ్లీషులో అడ్వైస్, ఇన్ఫర్మేషన్, ఫర్నిచర్ ఈ బంగారం జాతివి. అవి ఆ భాషలో నిత్యైకవచనాలు.

ఇప్పుడు మన బళ్ళారి ఇళ్ళలో జరిగేది చూడండి. పొయ్యి మీద పాలు పొంగితే తెలుగులో “పాలు పొంగినాయి” అంటారు. అదే వంటింట్లో కన్నడంలో “హాలు ఉక్కితు” అంటారు. పొంగినాయి బహువచనం, ఉక్కితు ఏకవచనం. పాలు అవే, గిన్నె అదే, లెక్క మాత్రం వేరు. నీళ్ళూ అంతే: తెలుగులో “నీళ్ళు ఉండాయి”, కన్నడంలో “నీరు ఇదె”. కన్నడం ఇంటి నుంచి వచ్చిన కోడలు మొదట్లో “పాలు పొంగింది” అంటే అత్తగారికి నవ్వొస్తుంది. కానీ ఆమె తన భాష లెక్కను మన భాషకు తెచ్చింది, అంతే. మనం అడ్వైసెస్ అని రాసినప్పుడు చేసేది సరిగ్గా అదే పని.

దీని నుంచి తెలుసుకోవలసింది ఒకటే. లెక్క వస్తువులో లేదు, మాటలో ఉంది. “సలహాలను ఒకటి, రెండు అని లెక్కపెట్టవచ్చు కదా, మరి అడ్వైస్‌ను ఎందుకు లెక్కపెట్టరాదు?” అనే ప్రశ్నకు జవాబు ఇదే. సలహాను లెక్కపెట్టవచ్చు, ఎందుకంటే తెలుగులో ‘సలహా’ అనే మాట అందుకు ఒప్పుకుంటుంది. ‘అడ్వైస్’ అనే మాట ఒప్పుకోదు. తెలుగులోనే తల మీద ఉన్నదాన్ని జుట్టు అంటే ఏకవచనం, వెంట్రుకలు అంటే బహువచనం. ఆలోచించి కనుక్కునే సంగతి కాదిది, మాటతో పాటు నేర్చుకోవలసింది.

మూడు తప్పులూ ఒకే చోటి నుంచి రావు. అడ్వైసెస్ వెనుక తెలుగు ‘సలహాలు’, కన్నడ ‘సలహెగళు’ రెండూ ఉన్నాయి. ఫర్నిచర్స్ సంగతి వేరు. తెలుగులో మనం “కొత్త ఫర్నిచర్ కొన్నారు” అనే అంటాము, ‘లు’ చేర్చము. కానీ కన్నడంలో దీనికి రాసే మాట ‘పీఠోపకరణగళు’, అది బహువచనం. రెండు భాషలూ రోజూ చదివే మనకు ఆ ‘గళు’ ఇంగ్లీషులో ‘ఎస్’ అయి వచ్చే వీలుంది. ఇన్ఫర్మేషన్స్ అన్నిటికన్నా విచిత్రం. తెలుగు ‘సమాచారం’ కూడా మామూలుగా ఏకవచనంలోనే వాడతాము. మరి ‘ఎస్’ ఎందుకు వస్తుంది? కన్నడంలో ‘మాహితిగళు’ అని రాయడం ఒక కారణం. ఇంగ్లీషులోని ‘ఆల్’, ‘సమ్’ అనే మాటలు రెండో కారణం. ‘ఆల్ బుక్స్’, ‘సమ్ గర్ల్స్’ అని రాసి రాసి, ఈ రెండు మాటల తర్వాత ‘ఎస్’ తప్పనిసరి అనుకుంటాము. కానీ ‘ఆల్ మిల్క్’, ‘సమ్ వాటర్’ కూడా సరైనవే. ఈ రెండూ ఏ జాతి మాట పక్కనైనా నిలబడతాయి.

ఇక రెండు సలహాలు ఇచ్చారని ఇంగ్లీషులో చెప్పడం ఎట్ల? దానికీ బంగారమే దారి చూపిస్తుంది. “రెండు బంగారాలు కొన్నాను” అని ఎవ్వరూ అనరు, “రెండు తులాల బంగారం” అంటారు. బహువచనం తులం మీద పడింది, బంగారం కదలలేదు. ఇంగ్లీషులో ఆ తులం పని చేసే మాట ‘పీస్’. టూ పీసెస్ ఆఫ్ అడ్వైస్, త్రీ పీసెస్ ఆఫ్ ఫర్నిచర్. ‘ఎస్’ పీస్‌కు చేరుతుంది, వెనక మాట అట్లనే ఉంటుంది. ఇన్ఫర్మేషన్, లగేజ్, ఎక్విప్‌మెంట్ అన్నిటికీ ఈ తులం సరిపోతుంది.

దిద్దడం ఎట్లనో తెలియడానికి ఒక అర్జీ చూద్దాము. ఇది ఉదాహరణ కోసం నేను రాసింది. హాస్టల్ గదిలో ఉన్న అమ్మాయిలు వార్డెన్‌కు ఇస్తున్నారు అనుకోండి:

“ది ఫర్నిచర్స్ ఇన్ అవర్ రూమ్ ఆర్ ఓల్డ్ అండ్ మెనీ ఆఫ్ దెమ్ ఆర్ బ్రోకెన్. వుయ్ నీడ్ టూ ఫర్నిచర్స్. ప్లీజ్ గివ్ అజ్ యాన్ ఇన్ఫర్మేషన్ అబౌట్ ది డేట్. వుయ్ హావ్ ఫాలోడ్ ఆల్ యువర్ అడ్వైసెస్.”

మొదటి వాక్యంలో ‘ఎస్’ ఒక్కటి కొట్టేస్తే “ది ఫర్నిచర్ ఆర్ ఓల్డ్” అని మిగులుతుంది. అదీ తప్పే. ఎర్ర సున్నా చూసి దిద్దుకునేవాళ్ళు ఎక్కువగా ఆగిపోయేది ఇక్కడే. తెలుగులో ‘పాలు’ తీసేసి ‘నెయ్యి’ పెడితే ‘ఉండాయి’ కూడా ‘ఉంది’ కావాలి కదా. అట్లనే ఇక్కడ ‘ఆర్’ పోయి ‘ఈజ్’ రావాలి, ‘మెనీ’ పోయి ‘మచ్’ రావాలి, ‘దెమ్’ పోయి ‘ఇట్’ రావాలి. “ది ఫర్నిచర్ ఇన్ అవర్ రూమ్ ఈజ్ ఓల్డ్ అండ్ మచ్ ఆఫ్ ఇట్ ఈజ్ బ్రోకెన్.” ఒక్క ‘ఎస్’ పోతే నాలుగు చోట్ల మార్పు వచ్చింది.

రెండో వాక్యంలో ‘టూ పీసెస్ ఆఫ్ ఫర్నిచర్’ అని రాయవచ్చు, తప్పు లేదు. కానీ అది చదివిన వార్డెన్‌కు ఏమి కావాలో తెలియదు. “వుయ్ నీడ్ ఏ టేబుల్ అండ్ ఏ కాట్” అంటే వ్యాకరణమూ కుదురుతుంది, పనీ అవుతుంది. చాలాసార్లు ఇదే మంచి దారి: ఆ మొత్తం పేరు వదిలిపెట్టి, అసలు వస్తువుల పేర్లు చెప్పడం.

మూడో వాక్యంలో ‘ఎస్’ లేదు, అయినా తప్పు ఉంది. ‘యాన్’ అంటే ‘ఒక’. ‘ఒక నెయ్యి’ ఎట్లనో ‘యాన్ ఇన్ఫర్మేషన్’ అట్ల. ‘సమ్ ఇన్ఫర్మేషన్’ అనాలి. ఇక్కడైతే “ప్లీజ్ టెల్ అజ్ ది డేట్” ఇంకా సూటిగా ఉంటుంది. చివరి వాక్యం సులభం: ‘ఆల్ యువర్ అడ్వైస్’. ‘ఆల్’ను కదిలించే పని లేదు.

మనం రాసినదాన్ని మనమే పరీక్షించుకోవడానికి మూడు పనులు చేయవచ్చు.

మొదటిది, అనుమానం ఉన్న మాటను నేర్చుకునేవాళ్ళ కోసం తయారైన ఇంగ్లీషు నిఘంటువులో చూడటం. ఇంగ్లీషు ఇంట్లోనే వచ్చినవాళ్ళకు ఈ లెక్క చెప్పనక్కరలేదు, కాబట్టి వాళ్ళ కోసం రాసిన నిఘంటువుల్లో ఇది దొరక్కపోవచ్చు. ఎ. ఎస్. హార్న్‌బీ జపాన్‌లో ఇంగ్లీషు చెబుతూ, అక్కడి విద్యార్థులను దృష్టిలో పెట్టుకొని సహచరులతో కలిసి తయారు చేసిన నిఘంటువు 1942లో టోక్యోలో అచ్చయింది. తర్వాత అదే ఆక్స్‌ఫర్డ్ అడ్వాన్స్‌డ్ లెర్నర్స్ డిక్షనరీ అయింది. ఇలాంటి నిఘంటువుల్లో నామవాచకం పక్కన `C` అని ఉంటే లెక్కపెట్టే మాట, `U` అని ఉంటే లెక్కపెట్టని మాట. కొన్నిటిలో ఆ అక్షరానికి బదులు పూర్తి మాటే ఉంటుంది.

రెండోది, ఆ మాటకు ఎడమ పక్కన, కుడి పక్కన చూడటం. ఎడమ పక్కన ఏ, యాన్, మెనీ, ఫ్యూ, సెవరల్, దీజ్ గాని, టూ, త్రీ లాంటి అంకె గాని ఉంటే ఆగాలి. కుడి పక్కన ఆర్, వర్, హావ్ గాని, తర్వాతి వాక్యంలో దే, దెమ్ గాని ఉంటే ఆగాలి.

మూడోది, కంప్యూటర్లో టైపు చేసినదైతే `Ctrl+F` నొక్కి `advices`, `informations`, `furnitures`, `equipments`, `luggages`, `homeworks` అని ఒక్కొక్కటే వెతకడం. తర్వాత `an advice`, `an information`, `a furniture` కూడా వెతకాలి, ‘ఎస్’ లేని తప్పులు వీటితోనే దొరుకుతాయి.

దొరికిన ప్రతిదాన్నీ కొట్టేయకూడదు. బ్యాంకు పంపే ‘పేమెంట్ అడ్వైస్’ ఒక కాగితం, అది ఎన్ని వస్తే అన్ని అడ్వైసెస్. షీ అడ్వైజెస్ అంటే ఆమె సలహా ఇస్తుంది అని, అది క్రియ. నూనె మామూలుగా ఏకవచనమే అయినా రకాలు చెప్పేటప్పుడు ‘వంట నూనెలు’ అంటాము, ఇంగ్లీషులోనూ అప్పుడు ‘ఆయిల్స్’ సరైనదే. ‘న్యూస్’ చివర ‘ఎస్’ ఉన్నా అది ఏకవచనం, “ది న్యూస్ ఈజ్ గుడ్” అనాలి. చివర ‘లు’ ఉన్నంత మాత్రాన కన్నడ ‘హాలు’ బహువచనం కాలేదు, ఇదీ అట్లనే.