మూసుకుపోయిన స్థితిలో చెడ్డ బిషప్, పాతుకున్న గుర్రం

చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయంలో పరీక్షలకు చదువుకునే అభ్యర్థులు కొందరు సాయంత్రం అశోక్‌నగర్ వైపు టీకి వెళ్లి చదరంగం బల్ల కూడా తెరుస్తారు. వారిలో చాలామందికి ఒక పట్టుదల ఉంటుంది: గుర్రం కోసం బిషప్‌ను ఇవ్వరాదు. బిషప్ అంటే మన ఇళ్లలో శకటు అనే పావే. పుస్తకం లెక్కలో రెండింటికీ చెరి మూడు బంట్ల విలువ. అయితే మధ్య గళ్లలో బంట్లు ఒకదానికొకటి అడ్డం నిలిచి కదలకుండా ఉన్నప్పుడు ఆ లెక్క పనిచేయదు. ఎందుకో ఒక ఆటలో చూద్దాం.

1945లో మాస్కోలో స్మిస్లోవ్ తెల్ల పావులతో రుదకోవ్‌స్కీపై ఆడిన ఆట ఇది. సిసిలియన్ రక్షణతో మొదలైంది. 11వ ఎత్తులో నలుపు తన బంటును e6 నుంచి e5కు నెట్టాడు. ఎదుటి బిషప్‌ను తరిమినట్టు కనిపించినా, ఆ ఒక్క అడుగుతో రెండు నష్టాలు జరిగాయి. నలుపు c బంటు అప్పటికే మారకంలో పోయింది. e బంటు ముందుకు వెళ్లిపోయింది. బంటు వెనక్కి రాదు కనుక d5 గడిని బెదిరించగల నల్ల బంటు ఇక లేదు. అలాంటి గడికి మన బంటు ఆసరా కూడా ఉంటే దాన్ని అవుట్‌పోస్ట్ అంటారు. ఇక్కడ ఆ ఆసరా e4లోని తెల్ల బంటు. రెండో నష్టం: d6, e5 రెండూ నల్ల గళ్లు. e7లోని నలుపు బిషప్ నడిచేదీ నల్ల గళ్లలోనే. సొంత బంట్లే దానికి గోడ కట్టాయి. చెడ్డ బిషప్ అంటే ఇదే.

తర్వాత నలుపు తన రెండో బిషప్‌ను e6లో పెట్టి d5ను కాపాడాలనుకున్నాడు. తెలుపు బంటును f5కు నెట్టి దాన్ని కదిలించాడు. అది c4కు వెళ్లి తెలుపు బిషప్‌తో మారకమైంది. నా దృష్టిలో అసలు పొరపాటు ఇక్కడే. d7కు వెనక్కి తగ్గితే అక్కడి నుంచి c6కు వచ్చి d5పై కన్నేసి ఉంచగలిగేది.

14వ ఎత్తు ముగిసిన స్థితిని మీ బల్ల మీద పెట్టుకోండి. తెలుపు: రాజు g1, మంత్రి e1, ఏనుగులు a1, f1, బిషప్ e3, గుర్రం c3, బంట్లు a2, b2, c2, e4, f5, g2, h2. నలుపు: రాజు g8, మంత్రి c4, ఏనుగులు a8, f8, బిషప్ e7, గుర్రం f6, బంట్లు a7, b7, d6, e5, f7, g7, h7.

తెలుపు బంట్లలో మధ్యనున్నవి తెల్ల గళ్లలో ఉన్నాయి కనుక e3లోని బిషప్ మంచి బిషప్. అయినా స్మిస్లోవ్ దాన్ని g5కు తెచ్చి, మరుసటి ఎత్తులో f6 గుర్రంతో మార్చేశాడు. మన టీ బల్ల మిత్రులు ఈ ఎత్తు వేయరు. మారకంలో ఏం పోయిందని కాక, బల్ల మీద ఏం మిగిలిందని అడగండి. d5ను కాచే చివరి చిన్న పావు ఆ గుర్రమే. అది పోయాక తెలుపుకు d5లో గుర్రం, నలుపుకు గోడ వెనుక బిషప్ మిగిలాయి.

17వ ఎత్తులో గుర్రం d5కు చేరింది, బిషప్ d8కు తగ్గింది. ఇప్పుడు గళ్లు లెక్కపెట్టండి. d8 నుంచి బిషప్‌కు ఒకవైపు c7, b6, మరోవైపు e7, f6. ఈ నాలుగింటినీ d5 గుర్రం ఒక్కటే కాస్తోంది! ఆ గుర్రాన్ని తరిమేందుకు నలుపుకు బంటూ లేదు, మార్చుకునేందుకు చిన్న పావూ లేదు. తెలుపు తీరిగ్గా ఏనుగును f3కు తెచ్చి, 22వ ఎత్తులో బంటును f6కు నెట్టి, మంత్రిని h4కు దింపాడు. గుర్రం f6లో బంటును తీసుకున్నాక h7లో మాటు బెదిరింపు వచ్చింది. 28వ ఎత్తుకు నలుపు ఓటమి ఒప్పుకున్నాడు.

బంట్ల రంగు చూసి బిషప్‌ను చెడ్డదని తేల్చేసే అలవాటు కూడా ప్రమాదమే. పై స్థితిలో నలుపు బిషప్‌ను మాత్రం e7 నుంచి తీసి b6లో పెట్టి చూడండి. బంట్లు అవే, రంగు అదే, కానీ బిషప్ గోడ బయట ఉంది. తెలుపు బిషప్ e3ను వదిలితే తన రాజుకే చెక్ కనుక g5కు వెళ్లనే లేదు. b6లోనే మారకం చేస్తే నలుపుకు బరువైన బిషప్ వదిలిపోతుంది, f6 గుర్రం d5ను కాస్తూ నిలుస్తుంది.