జులై 31 దాటితే పోయేదేమిటి?

2024 జులై 31న ఒక్కరోజే దాదాపు 70 లక్షల ఆదాయపు పన్ను రిటర్నులు దాఖలయ్యాయి. ఆ ఏడాది గడువులోగా అందినవి మొత్తం 7.28 కోట్లకు పైనే. అంటే పదిమందిలో ఒకరు చివరిరోజు దాకా ఆగారన్నమాట. ఆ వారమంతా ఆడిటర్ల ఆఫీసుల్లో ఫోన్లు మోగుతూనే ఉంటాయి. అవతలి నుంచి వచ్చే మొదటి ప్రశ్న ఎక్కువగా ఒకటే: "ఆడిటర్ గారూ, ఈసారి కూడా డేటు పొడిగిస్తారంటారా?"

ఆ ప్రశ్న ఊరికే పుట్టింది కాదు. కరోనా కాలంలో గడువు ఒకసారి జనవరి 10 దాకా, మరుసటి ఏడాది డిసెంబరు 31 దాకా వెళ్లింది. 2025లో రిటర్ను ఫారాలు బాగా మారడంతో ముందుగానే సెప్టెంబరు 15కు జరిపారు, చివరి క్షణంలో ఇంకొక్క రోజు కలిపారు. కానీ 2022, 2023, 2024ల్లో జీతగాళ్లకు, పెన్షనర్లకు జులై 31 అంటే జులై 31గానే నిలిచింది. పొడిగింపు వస్తే మంచిదే. దాన్ని లెక్కలో వేసుకుని ఆగడం మాత్రం మంచిది కాదు.

గడువు దాటిందని ఎవరూ భయపడిపోనక్కర్లేదు. రిటర్ను వేసే దారి డిసెంబరు 31 వరకు తెరిచే ఉంటుంది. ఆలస్య రుసుము కూడా అందరికీ తెలిసిందే: పన్ను లెక్కించే ఆదాయం 5 లక్షలు దాటితే 5,000 రూపాయలు, దాటకపోతే 1,000 రూపాయలు. అసలు రిటర్ను వేయాల్సిన అవసరమే లేనివారికి రుసుము ఉండదు. చాలామంది ఇక్కడితో ఆగిపోయి, "పోతే ఐదు వేలు, అంతేగా" అనుకుంటారు. కొందరి విషయంలో అది నిజమే. కానీ పాత పన్ను విధానంలో ఉన్నవారికి ఆ ఐదు వేలు అసలు నష్టంలో చిన్న భాగం మాత్రమే.

కారణం 2023-24 ఆర్థిక సంవత్సరం నుంచి మారిన ఒక నిబంధన. అప్పటి నుంచి కొత్త పన్ను విధానమే అందరికీ వర్తిస్తుంది. పాత విధానం కావాలనుకున్న జీతగాళ్లు ఆ మాట రిటర్నులోనే చెప్పాలి, ఆ రిటర్ను గడువులోగా వెయ్యాలి. ఏడాది మొదట్లో కంపెనీకి "నాకు పాత విధానమే" అని రాసిచ్చినా, దాని ప్రకారమే నెలనెలా టీడీఎస్ కోసినా అది చాలదు. ఆగస్టు 1న వేసే రిటర్నులో పాత విధానం ఎంచుకునే వీలే ఉండదు. ఇంటి అప్పు మీద వడ్డీ, ఎల్ఐసీ ప్రీమియం, పీఎఫ్, పిల్లల స్కూలు ఫీజు, ఆరోగ్య బీమా పేరుతో ఏడాదంతా జాగ్రత్త చేసుకున్న కాగితాలన్నీ ఆ ఒక్క రోజు తేడాతో పనికిరాకుండా పోతాయి.

ఎంత తేడా వస్తుందో ఒక లెక్క వేసి చూద్దాం. గుంటూరులో ఒక ప్రైవేటు ఉద్యోగి ఉన్నారనుకుందాం. 2023-24లో ఆయన జీతం 11 లక్షలు. సొంత ఇంట్లో ఉంటున్నారు, ఆ ఇంటి అప్పు మీద ఆ ఏడాది 2 లక్షల వడ్డీ కట్టారు. పీఎఫ్, ఎల్ఐసీ కలిపి లక్షన్నర, కుటుంబ ఆరోగ్య బీమాకు 25 వేలు. జీతగాళ్లందరికీ ఇచ్చే 50 వేల మినహాయింపు కూడా కలిపి ఇవన్నీ తీసేస్తే మిగిలేది 6,75,000. దాని మీద సెస్సుతో సహా పన్ను 49,400. కంపెనీ ఆ మొత్తాన్ని జీతంలో కోసేసింది. ఫారం 16 చేతికి వచ్చింది. "మన పన్ను కట్టేశారు కదా, రిటర్ను మెల్లిగా వేద్దాం" అనుకున్నారాయన.

బ్యాంకులో ఆయనకో ఫిక్సెడ్ డిపాజిట్ ఉంది. దాని మీద 60 వేలు వడ్డీ వచ్చింది, బ్యాంకు అందులో పదిశాతం, అంటే 6 వేలు టీడీఎస్ కోసింది. కానీ ఆయన పడేది ఇరవై శాతం శ్లాబులో. ఆ వడ్డీ కలిపితే మొత్తం పన్ను 61,880. కంపెనీ, బ్యాంకు కలిసి కోసింది 55,400. ఇంకా కట్టాల్సింది 6,480 రూపాయలు. జులై 31లోగా ఆ డబ్బు కట్టి రిటర్ను వేసి ఉంటే కథ అక్కడితో అయిపోయేది.

ఆయన ఆగస్టు 10న కూర్చున్నారు. పాత విధానం దారి మూసుకుపోయింది. కొత్త విధానంలో ఇంటి వడ్డీ, పీఎఫ్, బీమా ఏవీ తగ్గవు, 50 వేల మినహాయింపు ఒక్కటే మిగులుతుంది. 11,10,000 మీద ఆ ఏడాది శ్లాబుల ప్రకారం పన్ను 79,560. కోసిన టీడీఎస్ పోను కట్టాల్సింది 24,160. అంటే పన్నే 17,680 పెరిగింది. బాకీ 10 వేలు దాటింది కాబట్టి ముందస్తు పన్ను కట్టలేదన్న వడ్డీ, ఆలస్యంగా వేసినందుకు వడ్డీ కలిపి దాదాపు 2,660. ఆ పైన 5,000 రుసుము. గడువులోగా వేసి ఉంటే కట్టాల్సిన దానికంటే పాతికవేలు పైచిలుకు అదనం. పది రోజుల ఆలస్యానికి!

అదే ఆఫీసులో పక్క సీటులో మొదటి నుంచీ కొత్త విధానంలోనే ఉన్న ఉద్యోగి కూడా ఆగస్టు 10నే రిటర్ను వేశారనుకోండి. ఆయనకు వేరే ఆదాయం లేదు, పన్నంతా టీడీఎస్‌లోనే పోయింది. ఆయనకు పడేది ఆ 5,000 రుసుము ఒక్కటే. అందుకే "లేటైతే ఏమవుతుంది?" అన్న ప్రశ్నకు అందరికీ పనికొచ్చే జవాబు లేదు. తాను ఏ విధానంలో ఉన్నాడో తెలుసుకోవడమే మొదటి పని. ఫారం 16 రెండో భాగంలో కొత్త విధానం నుంచి బయటికి వచ్చారా లేదా అన్నది స్పష్టంగా రాసి ఉంటుంది.

షేర్లలో నష్టపోయినవారు కూడా తేదీని గట్టిగా గుర్తుపెట్టుకోవాలి. ఆ ఏడాది లాభాలతో సర్దుబాటు కాకుండా మిగిలిన నష్టాన్ని ఎనిమిదేళ్ల వరకు ముందుకు తీసుకెళ్లి, రాబోయే లాభాల్లోంచి తగ్గించుకోవచ్చు. గడువులోగా రిటర్ను వేస్తేనే ఆ హక్కు. ఆదాయం తక్కువే కదా, ఈ ఏడు నష్టమే కదా అని ఊరుకున్నవారు దాన్ని పోగొట్టుకుంటారు.

మరి ఎప్పుడు కూర్చోవాలి? ఏప్రిల్‌లోనే తొందరపడితే లెక్క సగమే దొరుకుతుంది. జనవరి నుంచి మార్చి వరకు కోసిన టీడీఎస్ వివరాలు కంపెనీలు, బ్యాంకులు మే 31లోగా ఇస్తాయి. ఫారం 16 జూన్ 15లోగా ఇవ్వాలి. కాబట్టి జూన్ మూడో వారం నుంచి జులై సగం వరకు మంచి సమయం. అప్పటికి ఆదాయపు పన్ను పోర్టల్లో ఫారం 26ఏఎస్, ఏఐఎస్ అనే రెండు పట్టికలు దాదాపు నిండి ఉంటాయి. గుంటూరు ఉద్యోగి మరిచిపోయిన ఎఫ్‌డీ వడ్డీ లాంటివి ఏఐఎస్‌లో బ్యాంకు పేరుతో సహా కనబడతాయి. అందులో ఉన్నది తప్పయితే అక్కడే అభ్యంతరం తెలపొచ్చు. జులై 30న తప్పు కనబడితే సరిచేయించుకునే వ్యవధి ఉండదు, అంతే తేడా.

కాగితాలు ఇంకా అందలేదు, గడువు మీదికొచ్చేసింది అన్నవారికి చాలామందికి తెలియని ఒక ఊరట ఉంది. రిటర్ను తర్వాత వేసినా, కట్టాల్సిన పన్నును మాత్రం గడువులోగా కట్టేయాలి. రిటర్ను ఆలస్యానికి వేసే వడ్డీ నెలకు ఒక శాతం, నెలలో ఒక్కరోజు గడిచినా పూర్తి నెల లెక్కే. అయితే గడువు తేదీకి ముందే కట్టేసిన పన్ను మీద ఆ వడ్డీ వెయ్యకూడదని ప్రణయ్ రాయ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. 2015లో పన్నుల బోర్డు కూడా దాన్ని ఒప్పుకుంటూ సర్క్యులర్ ఇచ్చింది. దీంతో రుసుము తప్పదు, పాత విధానమూ తిరిగి రాదు. కానీ పెద్ద మొత్తం బాకీ ఉన్నవారికి నెలనెలా పెరిగే వడ్డీ ఆగుతుంది.

రిటర్ను పంపేశాక కూడా పని మిగిలే ఉంటుంది. దాన్ని 30 రోజుల్లోగా ధ్రువీకరించాలి. ఆధార్‌కు అనుసంధానమైన ఫోనుకు వచ్చే ఓటీపీతో అది రెండు నిమిషాల్లో అయిపోతుంది. చాలామంది "తర్వాత చేస్తా" అన్న మీట నొక్కి మరిచిపోతారు. 30 రోజుల్లోగా ధ్రువీకరిస్తే రిటర్ను పంపిన తేదీనే లెక్కలోకి వస్తుంది. జులై 31న పంపి ఆగస్టు 20న ధ్రువీకరించినా అది సకాలంలో వేసినట్టే. సెప్టెంబరు 5న ధ్రువీకరిస్తే మాత్రం ఆ రోజే రిటర్ను వేసినట్టు లెక్క, పైన చెప్పిన నష్టాలన్నీ మళ్లీ మొదలవుతాయి. పని పూర్తయిందో లేదో పోర్టల్లో e-File → Income Tax Returns → View Filed Returns లోకి వెళ్లి చూసుకోవచ్చు.

హైదరాబాద్‌లోనో విశాఖలోనో అద్దె ఆదాయం ఉండి అమెరికాలో ఉంటున్న తెలుగువారు తరచూ ఆగిపోయేది ఇక్కడే. వాళ్ల గడువూ జులై 31 వరకే. కానీ ఆధార్‌కు ఇచ్చిన ఇండియా నంబరు ఎప్పుడో ఆగిపోయి ఉంటుంది, ఓటీపీ రాదు. అలాంటివారు ఇక్కడి బ్యాంకు నెట్ బ్యాంకింగ్ ద్వారా లాగినై ధ్రువీకరించవచ్చు. అదీ లేకపోతే ఐటీఆర్-వీ కాగితం మీద సంతకం చేసి బెంగళూరులోని సీపీసీకి పోస్టులో పంపాలి. అది కూడా ఆ 30 రోజుల్లోపే అక్కడికి చేరాలి కాబట్టి, విదేశాల్లో ఉన్నవారు రిటర్ను వేసిన వెంటనే పోస్టులో వేయాలి.

డిసెంబరు 31 కూడా దాటిపోతే అప్‌డేటెడ్ రిటర్ను అనే మరో దారి ఉంది. 2025 బడ్జెట్ దాని గడువును రెండేళ్ల నుంచి నాలుగేళ్లకు పెంచింది. కాకపోతే అందులో బాకీ పన్ను, వడ్డీ కట్టడమే కాక ఆ మొత్తం మీద 25 నుంచి 70 శాతం దాకా అదనపు పన్ను చెల్లించాలి, ఎంత ఆలస్యమైతే అంత ఎక్కువ. రీఫండ్ అడగడానికి ఆ దారి పనికిరాదు. కోసిన టీడీఎస్‌లో కొంత వెనక్కి రావాల్సి ఉన్న చిన్న ఉద్యోగులకు, పెన్షనర్లకు డిసెంబరు 31 అసలైన చివరి తేదీ.