కిటికీ ముందుకెళ్లే ముందు నాలుగు వాక్యాలు

మా మేనకోడలి స్నేహితురాలికి మర్నాడు పొద్దున్నే నానక్‌రాంగూడలోని అమెరికన్ కాన్సులేట్‌లో స్టూడెంట్ వీసా ఇంటర్వ్యూ. ఖమ్మం పిల్ల, అమీర్‌పేటలో హాస్టల్లో ఉంటోంది. రాత్రి తొమ్మిదింటికి ‘చేతులు చల్లబడిపోతున్నాయే’ అని మెసేజ్ పెట్టింది. మా పిల్ల జవాబు ఇంగ్లిష్‌లో రాయడం మొదలుపెట్టింది. ఎందుకే అంటే, ‘రేపు నోరు తిరగాల్సింది ఇంగ్లిష్‌లోనేగా అత్తా, ఇప్పట్నుంచే ఆ చెవిలో ఉంటే మంచిది’ అంది. అదీ నిజమే.

రాసింది చదివి వినిపించింది: ‘డోంట్ బి నెర్వస్. యు విల్ డెఫినెట్లీ గెట్ ఇట్. మెయింటైన్ ఐ కాంటాక్ట్. స్మైల్. స్పీక్ కాన్ఫిడెంట్లీ...’ ఆపైన ఇంకో ఎనిమిది సలహాలు. ప్రేమకేం లోటు లేదు. కానీ వణుకుతున్న మనిషి చేతిలో అంత బరువు పెట్టకూడదు.

ముందు ‘డోంట్ బి నెర్వస్’ తీసేయించాను. భయపడకు అంటే భయం పోదు సరికదా, భయపడుతున్నందుకు ఇంకాస్త భయం వేస్తుంది. హార్వర్డ్‌లో ఆలిసన్ వుడ్ బ్రూక్స్ అనే పరిశోధకురాలు 2014లో ప్రచురించిన ప్రయోగాలు ఈ సంగతినే చూశాయి. జనం ముందు పాడబోయేవాళ్లు, మాట్లాడబోయేవాళ్లు ‘నేను ప్రశాంతంగా ఉన్నాను’ అని తమకు తాము చెప్పుకోవడం కన్నా, ‘నాకు ఉత్సాహంగా ఉంది’ అనుకున్నప్పుడు బాగా చేశారు. గుండె దడ రెండింట్లోనూ ఒకటే. దాన్ని అణచడం కష్టం, దానికి పేరు మార్చడం తేలిక.

తర్వాత ‘డెఫినెట్లీ’. వీసా వస్తుందని మనమెవరం మాటివ్వడానికి? అమెరికా వలస చట్టంలోని 214(బి) సెక్షన్ ప్రకారం, వచ్చినవాళ్లు అక్కడే స్థిరపడిపోవాలనుకుంటున్నారన్న అనుమానంతోనే మొదలుపెడతారు. కాదని ఆఫీసర్‌ను నమ్మించాల్సింది ఎదుటి మనిషే. బాగా చెప్పినా కాదనొచ్చు. అప్పుడు ‘డెఫినెట్లీ’ అన్న స్నేహితురాలికి మొహం చూపించడం కూడా ఆ పిల్లకి ఒక కష్టమవుతుంది.

ఇక సలహాలు. కిటికీ దగ్గర మాట్లాడేది చాలాసార్లు రెండు మూడు నిమిషాలే. ఆ కాస్తలో నవ్వానా, కళ్లలోకి చూశానా అని తనని తనే కాపలా కాసుకుంటుంటే ప్రశ్న చెవికెక్కదు. బట్టీపట్టిన జవాబైతే, అడిగింది ఒకటి, అప్పజెప్పేది ఇంకొకటి అవుతుంది. అసలు ఇబ్బంది ఇంకోటుంది. మధ్యలో అద్దం ఉంటుంది, ఆఫీసర్ గొంతు మైకులోంచి వస్తుంది, యాస కొత్త. ప్రశ్న సరిగా వినపడకపోతే మనవాళ్లు మళ్లీ అడగరు, ఊహించి ఏదో చెప్పేస్తారు. అందుకే అక్కరకొచ్చే సలహా ఏదైనా ఒక్కటి ఉంచాలంటే ఇదే ఉంచమన్నాను. అదీ సలహాగా కాదు, నోటికి అందేలా తయారు వాక్యంగా.

చివరికి మిగిలింది ఇది:

‘ఇట్స్ ఓకే ఇఫ్ యువర్ హార్ట్ ఈజ్ రేసింగ్, యు రియల్లీ వాంట్ దిస్. యు చోజ్ దిస్ కోర్స్, సో జస్ట్ టెల్ దెమ్ వై. ఇఫ్ యు కాంట్ హియర్ సంథింగ్, సే: సారీ, కుడ్ యు ప్లీజ్ రిపీట్ దట్? ఐ విల్ బి అవుట్‌సైడ్ విత్ యువర్ ఫోన్.’

గొప్ప ఇంగ్లిష్ కాదు. కాకూడదు కూడా. వాళ్లిద్దరూ రోజూ మాట్లాడుకునే ఇంగ్లిష్ అది. సినిమా డైలాగులా ఉంటే స్నేహితురాలి గొంతు వినపడదు. నాకు బాగా నచ్చింది ఆఖరి వాక్యం. కాన్సులేట్ లోపలికి ఫోన్ తీసుకెళ్లనివ్వరు. తోడు వచ్చినవాళ్లు బయటే ఉండిపోవాలి. ఆ ఫోన్ ఎవరికివ్వాలన్న చిన్న దిగులు కూడా పొద్దున్నే పెద్దదైపోతుంది. ఫోన్ ఉండదు కాబట్టి ధైర్యం చెప్పేదేదో ముందే చేరాలి. అర్ధరాత్రి మాత్రం పంపొద్దన్నాను, నిద్ర చెడుతుంది. తొమ్మిదిన్నరకి పంపింది.

మరో మెసేజ్ కూడా రాసి పంపకుండా దాచుకుంది: ‘కమ్, లెట్స్ ఈట్ ఫస్ట్.’ కాదంటే 214(బి) కాగితంతో పాటు పాస్‌పోర్ట్ అక్కడికక్కడే తిరిగిచ్చేస్తారు. మళ్లీ ఫీజు కట్టి దరఖాస్తు చేసుకోవచ్చు, కానీ ఆ మాట ఆ నిమిషంలో చెప్పేది కాదు. వీసా ఇస్తే సాధారణంగా పాస్‌పోర్ట్ వాళ్లే ఉంచుకుంటారు.

మర్నాడు గేటు బయట ఎండలో, రెండు ఫోన్లు పట్టుకుని నిలబడ్డ మా పిల్ల ముందు స్నేహితురాలి మొహం చూడలేదట, చేతులు చూసిందట. ఫైలు ఒక్కటే ఉంది.