ఉబ్బరానికి ఫాడ్‌మ్యాప్ పథ్యం: తొలగింపు, పునఃప్రవేశం, పరిమితి

ఉల్లి, వెల్లుల్లి, గోధుమలలోని ఫ్రక్టాన్లను, పప్పులలోని గాలాక్టో ఆలిగోశాకరైడ్లను విడగొట్టే ఎంజైములు మానవుల చిన్నప్రేగులో లేవు. అవి అరగకుండానే పెద్దప్రేగుకు చేరగా, అక్కడి సూక్ష్మజీవులు వాటిని పులియబెట్టి వాయువును పుట్టిస్తాయి. ఇది అందరిలోనూ జరిగేదే. ఇరిటబుల్ బవెల్ సిండ్రోమ్ ఉన్నవారి ప్రేగుల నాడులు ఆ సాగుదలను అతిగా గ్రహిస్తాయి కనుక అదే వాయువు వారికి ఉబ్బరంగా, నొప్పిగా పరిణమిస్తుంది. పాలలోని లాక్టోజ్, తేనెలోని అధిక ఫ్రక్టోజ్, పుట్టగొడుగులలోని మానిటాల్ వంటివీ కొందరిలో ఇటువంటి బాధనే కలిగిస్తాయి. వీటన్నిటినీ కలిపి 'ఫాడ్‌మ్యాప్' అనే పేరుతో 2005లో ఆస్ట్రేలియాలోని మోనాష్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ప్రతిపాదించారు.

దీనిని పథ్యమనడం కన్నా పరీక్ష అనడం సముచితం. తొలిదశలో ఈ వర్గాలన్నిటినీ రెండు నుంచి ఆరు వారాలు తగ్గించాలి. అన్నం ఈ దశలో నిరపాయం. అప్పటికీ ఉపశమనం లేకుంటే పథ్యాన్ని విడిచి కారణాన్ని వేరేచోట వెదకాలి. గోధుమలు మానకముందే సీలియాక్ వ్యాధి రక్తపరీక్ష చేయించుకోవాలి. మానిన తరువాత చేస్తే వ్యాధి ఉన్నా ఫలితంలో కనబడకపోవచ్చు. మలంలో రక్తం, అకారణంగా బరువు తగ్గడం ఉంటే ముందు వైద్యుని సంప్రదించవలసిందే.

రెండవ దశను ఒక ఉదాహరణతో చూడవచ్చు. నాలుగు వారాలలో ఉబ్బరం తగ్గిన వ్యక్తి మొదట పాలను పరీక్షించాడనుకుందాం: తొలిరోజు పావు కప్పు, మరునాడు అరకప్పు, మూడవనాడు కప్పు. బాధ కలగలేదు. అయినా పాలు మళ్లీ ఆపి, మూడు రోజుల విరామం తరువాత ఉల్లిని పరీక్షిస్తాడు. రెండు వర్గాలు ఒకేసారి కలిస్తే దోషం దేనిదో తేలదు. చెంచాడు ఉల్లితో ఏమీ కాలేదు. మరునాడు రెండు చెంచాలకు పొట్ట ఉబ్బింది. పరీక్ష అక్కడితో ఆగుతుంది, అతని హద్దు తెలిసింది. గోధుమలోనూ ఫ్రక్టాన్లే ఉన్నా, దానిని విడిగా చూడాలి. అతనికి రెండు చపాతీలు పడ్డాయి. తరువాత కందిపప్పు కొద్ది మోతాదులో ఇమిడింది, వెల్లుల్లి ఏమాత్రమూ పడలేదు. చివరకు పాలు, గోధుమలు, కొంత పప్పు తిరిగి అతని భోజనంలోకి వచ్చాయి. వెల్లుల్లి మానడం, ఉల్లి తగ్గించడం మాత్రమే మిగిలాయి. ఫ్రక్టాన్లు నూనెలో కరగవు కనుక, వెల్లుల్లి రెబ్బలను నూనెలో వేయించి తీసివేస్తే వాసన దక్కుతుంది. పులుసులో మాత్రం ఉల్లిముక్కలను ఏరినా ప్రయోజనం లేదు, అవి నీటిలోకి దిగిపోతాయి.

పులిసే పదార్థాలే మేలుచేసే బిఫిడోబాక్టీరియాకు ఆహారం. నాలుగు వారాల తొలగింపుతోనే వాటి సంఖ్య తగ్గినట్లు 2012లో లండన్ పరిశోధకులు చూపారు. పప్పులే మాంసకృత్తుల ఆధారమైన శాకాహారులు తొలిదశలోనే నిలిచిపోతే ఆ లోటు మరింత పెరుగుతుంది. పైగా సహనం మారుతుంటుంది. ఈ ఏడు పడని ఉల్లి కొన్ని నెలల తరువాత పడవచ్చు. అందువల్ల పడని పదార్థాలను కొంతకాలానికి మళ్లీ చిన్న మోతాదుతో పరీక్షించడం అవసరం.