ఇన్వెస్టర్లకు నెలవారీ ఉత్తరం: 312 టిక్కీల తేడా ఎక్కడ రాయాలి?

చిన్న స్టార్టప్‌లో డబ్బు పెట్టినవాళ్లకు ఫౌండర్ ప్రతి నెలా మొదటి పది రోజుల్లో ఒక మెయిల్ పంపుతాడు. గడిచిన నెలలో వచ్చిందెంత, పోయిందెంత, బ్యాంకులో మిగిలిందెంత, ఏం కుదిరింది, ఏం చెడింది అన్నవి అందులో ఉంటాయి. దీన్నే ఇన్వెస్టర్ అప్‌డేట్ అంటారు. ఇది నెల నెలా పంపాలని కంపెనీల చట్టం అడగదు. బోర్డు సమావేశాలు, ఏడాది చివరి ఆడిట్ వేరే సంగతి. డబ్బు తీసుకునేటప్పుడు రాసుకునే షేర్‌హోల్డర్ల ఒప్పందంలో సాధారణంగా ఒక నిబంధన ఉంటుంది, ఈ మెయిల్ అక్కడి నుంచి వస్తుంది. ఒప్పందంలో లేకపోయినా తెలివైన ఫౌండర్లు పంపుతారు, ఎందుకంటే మళ్లీ డబ్బు అడగాల్సింది చాలావరకు వాళ్లనే.

ఈ ఉత్తరం ఎలా తయారవుతుందో తెలియాలంటే ఒక కంపెనీని ఊహించుకోవాలి. గుంటూరులో మిర్చి కోల్డ్ స్టోరేజీలకు సాఫ్ట్‌వేర్ అమ్మే ఏడుగురి కంపెనీ అనుకుందాం. ఏ రైతువి ఎన్ని టిక్కీలు ఏ ఛాంబర్‌లో ఉన్నాయో, ఎన్ని బయటికి వెళ్లాయో, అద్దె ఎంత అయిందో ఆ సాఫ్ట్‌వేర్ చూపిస్తుంది. ఒక్కో స్టోరేజీ నెలకు 6,000 రూపాయలు కడుతుంది. తొమ్మిది మంది ఏంజెల్ ఇన్వెస్టర్లు ఇందులో డబ్బు పెట్టారు. సెప్టెంబర్ ముగిసింది, ఉత్తరం రాయాలి.

మంచి వార్త చిన్నదేం కాదు. సెప్టెంబర్ మొదట్లో 40 స్టోరేజీలు ఉండేవి. కొత్తగా ఏడు చేరాయి, నాలుగు వదిలేశాయి. నెలాఖరుకు 43. ఒక్కోటి 6,000 చొప్పున నెల ఆదాయం జీఎస్టీ కాకుండా 2,58,000. ఆగస్టులో ఇది 2,40,000. అయితే 'ముగ్గురు పెరిగారు' అని రాసి ఊరుకుంటే, పది మందిలో ఒకరు ఒక్క నెలలో వెళ్లిపోయారన్న సంగతి ఆ మూడు అంకె కింద దాక్కుంటుంది. చేరినవాళ్లను, వెళ్లినవాళ్లను విడివిడిగా రాయాలన్న ఆచారం అందుకే వచ్చింది.

వెళ్లినవాళ్లను లెక్కించడంలోనూ ఒక చిక్కుంది. మిర్చి స్టోరేజీలు ఫిబ్రవరి నుంచి మే దాకా నిండుతాయి, తర్వాత సరుకు బయటికి పోతూ ఉంటుంది. ఆ నలుగురిలో ఇద్దరు యజమానులు "సరుకు ఖాళీ అవుతోంది, ఫిబ్రవరిలో చూద్దాంలే" అన్నారు. వీళ్లు వదిలేసినట్టా, ఆగినట్టా? ఆగినట్టే అనుకోవాలని ఫౌండర్‌కు అనిపించడం సహజం. కానీ ఫిబ్రవరిలో డబ్బు కట్టేదాకా వాళ్లు లెక్కలో ఉండకూడదు. తిరిగొస్తే అప్పుడు చేరినవాళ్లలో రాసుకోవచ్చు. ఇదే నియమం ఎదురు దిక్కున కూడా పనిచేయాలి. టీ తాగుతూ "తీసుకుంటాంలే" అన్న యజమాని మొదటి బిల్లు కట్టేవరకు కస్టమర్ కాదు.

ఉత్తరంలో అన్నిటికన్నా ముందు చూసేది మాత్రం బ్యాంకు నిల్వ. ఆదాయం 2,58,000 అన్నది బిల్లుల లెక్క. సెప్టెంబర్‌లో చేతికొచ్చింది 1,92,000 మాత్రమే. తేడా 66,000 ఎక్కడికి పోయింది? ఇద్దరు యజమానులు ఆగస్టులోనే ఏడాది మొత్తానికి చెరో 72,000 కట్టేశారు, కాబట్టి వాళ్ల వాటా 12,000 ఈ నెల రాదు. మిగతా 54,000 తొమ్మిది మంది దగ్గర బాకీ. ఆ తొమ్మిది మంది కట్టకపోయినా వాళ్ల బిల్లుల మీద 18 శాతం జీఎస్టీ, అంటే 9,720 రూపాయలు, కంపెనీ లెక్కలోకి వచ్చేసింది. నెలవారీ రిటర్న్ వేసే కంపెనీ అక్టోబర్ 20 లోపు దాన్ని తేల్చాలి. అమ్మకం పెరిగే కొద్దీ చేతిలో డబ్బు తగ్గడమేమిటని కొత్త ఫౌండర్లు తికమకపడేది ఇక్కడే.

ఆ ఏడాది చందాల దగ్గర ఇంకో ఉచ్చు ఉంది. ఆగస్టులో వచ్చిన 1,44,000 మొత్తాన్నీ ఆ నెల ఆదాయంగా చూపిస్తే ఆగస్టు ఆదాయం 3,72,000 అయ్యేది. ఇన్వెస్టర్లు సంతోషించేవాళ్లు. మరి సెప్టెంబర్‌లో అదే పద్ధతిన లెక్కిస్తే ఆ ఇద్దరి వాటా పోయి 2,46,000 వస్తుంది. నిజానికి ముగ్గురు కస్టమర్లు పెరిగిన నెల, కాగితం మీద మూడో వంతు ఆదాయం పడిపోయిన నెలగా కనిపిస్తుంది. అప్పుడు పద్ధతి మార్చాలనిపిస్తుంది. ఒకసారి మారిస్తే పాత ఉత్తరాలతో కొత్తవి పొసగవు. చదివేవాళ్లలో ఒక్కరైనా రెండు మెయిళ్లు పక్కపక్కన పెట్టుకుని చూస్తారు. ఏడాది డబ్బును పన్నెండు నెలలకు పంచి రాస్తే ఈ బాధ ఉండదు.

సెప్టెంబర్ ఖర్చు 6,12,000. అందులో జీతాలే 4,60,000. వచ్చిన 1,92,000 తీసేస్తే జేబులోంచి పోయింది 4,20,000. దీన్ని బర్న్ అంటారు. బ్యాంకులో 37,80,000 ఉంది. ఒకదాన్ని ఇంకోదానితో భాగిస్తే తొమ్మిది నెలలు. డబ్బు అయిపోయేదాకా ఉన్న ఈ వ్యవధికి రన్‌వే అని పేరు.

ఒక్క నెల లెక్క నమ్మదగింది కాదు కాబట్టి మూడు నెలల సగటు తీసుకోవడం చాలామందికి అలవాటు. జూలైలో 4,26,000, ఆగస్టులో 2,88,000, సెప్టెంబర్‌లో 4,20,000. సగటు 3,78,000. ఇప్పుడు రన్‌వే పది నెలలు. ఇందులో అబద్ధమేమీ లేదు, కూడిక, భాగహారం రెండూ సరిగ్గానే ఉన్నాయి. కానీ ఆగస్టు బర్న్ తగ్గింది మళ్లీ రాని ఆ 1,44,000 వల్ల. దాన్ని పక్కన పెడితే సగటు 4,26,000, రన్‌వే తొమ్మిదికి కాస్త తక్కువ. పైగా ముందున్నవి సరుకు ఖాళీ అయ్యే నెలలు. నిజాయితీ గల ఫౌండర్ తొమ్మిది అని రాసి, దాన్ని ఎలా లెక్కించాడో ఒక వాక్యంలో చెబుతాడు. కొత్త పెట్టుబడి తేవడానికి ఆరు నెలలు పడుతుందనుకుంటే తొమ్మిదికీ పదికీ మధ్య తేడా చిన్నది కాదు. ప్రయత్నం మొదలుపెట్టడానికి చేతిలో ఉన్న వ్యవధి నాలుగు నెలల నుంచి మూడుకు తగ్గిపోతుంది.

ఇక చెడ్డ వార్త. వెళ్లిపోయిన నలుగురిలో మూడో స్టోరేజీలో కంప్యూటర్ చూసే గుమస్తా మానేశాడు, కొత్తవాడికి పని నేర్పేవాళ్లు లేరు. నాలుగోది వేరే కథ. అక్కడి యజమాని ఛాంబర్లన్నీ లెక్కబెట్టిస్తే, కంప్యూటర్ చూపిన దానికంటే 312 టిక్కీలు ఎక్కువ తేలాయి. ఒక లాట్‌లో కొంత సరుకు విడుదల చేసి, ప్రింటర్‌లో కాగితం ఇరుక్కుంటే రసీదు మళ్లీ తీసేవాళ్లు. అలా తీసిన ప్రతిసారీ సాఫ్ట్‌వేర్ సరుకును రెండోసారి కూడా తగ్గించింది. తొమ్మిది రసీదుల్లో అలా జరిగింది. నిల్వ రసీదు మీద రైతు బ్యాంకు నుంచి అప్పు తెచ్చుకునే చోట, సరుకు ఉన్నా లెక్కలో లేకపోవడం మామూలు పొరపాటు కాదు.

దీన్ని ఉత్తరంలో ఎలా రాస్తారు? చాలామంది ఇలా రాస్తారు: "కొన్ని సాంకేతిక సవాళ్లు ఎదురయ్యాయి. మా టీమ్ వాటిని పరిష్కరించే దిశగా పనిచేస్తోంది." ఈ రెండు వాక్యాలు ఏ కంపెనీ ఉత్తరంలోనైనా, ఏ నెలలోనైనా ఒదిగిపోతాయి. చదివినవాడికి భయం మాత్రం మిగులుతుంది, ఎందుకంటే ఎంత పెద్ద సమస్యో తెలియదు. పనికొచ్చే పేరా మరోలా ఉంటుంది:

"మా తప్పు వల్ల సెప్టెంబర్‌లో ఒక కస్టమర్‌ను పోగొట్టుకున్నాం. రసీదు రెండోసారి ప్రింట్ చేస్తే సరుకు రెండుసార్లు తగ్గుతోంది. ఆ స్టోరేజీలో 312 టిక్కీల తేడా వచ్చింది. మేం కనిపెట్టలేదు, యజమాని కనిపెట్టి చెప్పారు. 22న సరిచేశాం. మిగతా కస్టమర్ల పాత రసీదులు చూస్తే ఇంకో ఐదు చోట్ల ఇదే జరిగింది, ముగ్గురికి ఫోన్ చేసి చెప్పాం, ఇద్దరికి ఇంకా చెప్పలేదు. అక్టోబర్ 10 లోపు చెబుతాం."

ఈ పేరాలో బరువంతా "మేం కనిపెట్టలేదు" అన్న దగ్గర ఉంది. తప్పు జరగడం ఒక సమాచారం, అది ఎవరి కంట పడిందన్నది అంతకన్నా పెద్ద సమాచారం. పరీక్షించే పద్ధతి కంపెనీలో లేదని అనుభవమున్న ఇన్వెస్టర్‌కు అక్కడే అర్థమైపోతుంది. ఇద్దరికి ఇంకా చెప్పలేదన్న మాట రాయడం ఇబ్బందే. అయినా అది రాశాడు కాబట్టే మిగతా వాక్యాలు కూడా నమ్మబుద్ధేస్తాయి. ఇంతలో ఆ స్టోరేజీ పేరు రాయాల్సిన పని లేదు. మెయిల్ ఎవరికి ఫార్వర్డ్ అవుతుందో పంపినవాడి చేతిలో ఉండదు. పక్క స్టోరేజీలోనో, మార్కెట్ యార్డులోనో ఆ కబురు తేలితే నష్టం కస్టమర్‌కు కూడా.

దీన్ని ఎక్కడ పెట్టాలన్న దాని మీద రెండు అభిప్రాయాలున్నాయి. ముందు మంచి, చివర చెడు అన్నది పాత అలవాటు. అయితే సగం మంది ఇన్వెస్టర్లు ఫోన్‌లో మొదటి తెర మాత్రమే చూస్తారు. అందుకే పైన నాలుగే వరుసల్లో బ్యాంకు నిల్వ, రన్‌వే, కస్టమర్లు, నెలలో జరిగిన పెద్ద తప్పు పెట్టి, వివరాలు కిందికి తీసుకెళ్లడం మేలు. అయితే అంత పెద్ద విషయం ఉత్తరం కోసం నెలాఖరు దాకా ఆగకూడదు. బోర్డులో ఉన్న ఇన్వెస్టర్‌కు, ఎక్కువ వాటా ఉన్నవాళ్లకు 22నే ఫోన్ వెళ్లి ఉండాలి. ఉత్తరంలో వాళ్లు చదివేది పాత వార్తే కావాలి.

ఉత్తరం చివర సాయం అడుగుతారు. "తెలిసినవాళ్లుంటే పరిచయం చేయండి" అంటే ఎవరూ కదలరు, ఎవరిని పరిచయం చేయాలో వాళ్లకు తెలియదు కాబట్టి. "ఖమ్మంలోనో, వరంగల్‌లోనో, కర్ణాటకలోని బ్యాడగిలోనో కోల్డ్ స్టోరేజీ నడిపే ఒక్క యజమానితో పది నిమిషాలు ఫోన్‌లో మాట్లాడించండి" అంటే తొమ్మిది మందిలో ఒకరికి బావమరిది గుర్తొస్తాడు. పేరా రాసిన ఫౌండర్ తప్పు దొరికిందన్న సిగ్గుతో ఈ భాగాన్ని కొట్టేస్తుంటాడు. నిజానికి ఈ నెలలో అడగాల్సింది ఇంకోటి కూడా ఉంది: సాఫ్ట్‌వేర్ పరీక్షలు ఎలా పెట్టాలో రెండు గంటలు కూర్చుని చెప్పగల మనిషి.

ఉత్తరాలు ఎక్కడ చెడతాయో గుర్తించడం కష్టం కాదు. డబ్బు కట్టే కస్టమర్ల సంఖ్య బదులు ఒక నెల 'యాప్ డౌన్‌లోడ్ చేసుకున్నవాళ్లు' కనిపిస్తే ఏదో తగ్గిందని అర్థం. మొదటి నుంచి కలిపిన మొత్తాన్ని గ్రాఫ్‌గా వేస్తే అది ఎప్పుడూ పైకే పోతుంది, ఆ నెల ఒక్కరూ చేరకపోయినా కిందికి దిగదు. 5న వచ్చే ఉత్తరం 19న వచ్చి, తర్వాతి నెల అసలు రాకపోతే ఇన్వెస్టర్లు ఆ నిశ్శబ్దాన్నే చదువుకుంటారు. చాలాసార్లు ఉన్నదానికంటే ఘోరంగా ఊహించుకుంటారు.

అక్టోబర్ ఉత్తరం మొదటి పేరా కొత్త వార్తతో మొదలవదు. సెప్టెంబర్‌లో ఇచ్చిన మాటలతో మొదలవుతుంది. మిగిలిన ఇద్దరు యజమానులకు 10 లోపు చెప్పారా? చెప్పారు, ఒకరికి 9న, ఇంకొకరికి ఊళ్లో లేనందువల్ల 14న. బాకీ 54,000లో వచ్చిందెంత? 36,000. మూడు స్టోరేజీలు ఇంకా కట్టలేదు, అందులో ఒకటి టిక్కీల తేడా వచ్చిన ఐదింటిలో ఒకటి.